వానాకాలం గింజ, ఎండాకాలం గింజ: క్లిక్ మార్చే ముందు డబ్బా చూడండి

ప్రశ్న: "మాది విజయవాడ. చేతి గ్రైండర్‌తో గింజలు ఆడించుకుని స్టీల్ ఫిల్టర్‌లో డికాషన్ వేస్తాం, 20 శాతం చికోరీ. మే నెలలో డికాషన్ నీళ్ళలా దిగిపోయింది. ఇప్పుడు వానలు పడుతుంటే అరగంట దాటినా దిగట్లేదు. గ్రైండర్ సెట్టింగ్ సీజన్‌ని బట్టి మార్చాలా? గింజలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను, అది కరెక్టేనా?"

మార్చాలి, కానీ మీరు అనుకుంటున్నంత కాదు. మన ఊళ్ళ వాతావరణానికి ఎండాకాలంలో ఒక క్లిక్ మెత్తగా, వానాకాలంలో ఒక క్లిక్ బరకగా, అంతే. రెండు క్లిక్కులు దాటి తిప్పాల్సి వస్తోందంటే తప్పు గ్రైండర్‌ది కాదు, గింజలో గానీ పొడిలో గానీ ఏదో జరిగింది. ఇక ఫ్రిజ్ సంగతి: రోజూ తీసి పెట్టే డబ్బాకి ఫ్రిజ్ వద్దు. మీ అరగంట డికాషన్‌కి సగం కారణం అదేనని నా అనుమానం.

నాకు గుంటూరులో గింజలు వేపి, ఆడించి అమ్మే చిన్న షాపుంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆగస్టులో ఇదే ఫిర్యాదు. "మీరిచ్చిన గింజ మారిపోయింది" అంటారు. అదే బస్తా, అదే వేపుడు. మారింది వాళ్ళింట్లో గాలి.

మనది మిర్చి ఊరు కాబట్టి మిర్చితోనే చెబుతాను. ఎండలో పోసిన మిరపకాయ వేలితో నొక్కితే పటుక్కున విరుగుతుంది. ముసురు పట్టిన రోజున అదే కాయ వంగుతుంది తప్ప విరగదు. అందుకే కారం పట్టించడానికి తీసుకెళ్ళే ముందు మన ఇళ్ళలో కాయల్ని మళ్ళీ ఒకసారి ఎండబెడతారు; చెమ్మ కాయ మరలో నలిగి అతుక్కుంటుంది గానీ పొడి కాదు. కాఫీ గింజ కూడా అంతే. వేపుడు పెనం నుంచి దిగినప్పుడు దానిలో తేమ రెండు మూడు శాతానికి మించదు. అంత పొడిగా ఉన్నది మన ఆగస్టు గాలిలోకి వచ్చిందంటే దొరికిన తేమనల్లా పీల్చుకుంటుంది. ఉదయం పూట గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలే కదా.

అయితే అసలు చూడాల్సింది ఒకటుంది. తేమ గింజలోకి ఎక్కిందా, ఆడించాక పొడిలోకి ఎక్కిందా? రెండింటికీ మందు వేరు.

గింజలోకి ఎక్కితే మీ చేతికే తెలుస్తుంది. మామూలుగా హ్యాండిల్ తిప్పుతుంటే కరకరమని శబ్దం వస్తుంది, గింజ పగిలిన ప్రతిసారీ చేతికి చిన్న దెబ్బ తగులుతుంది. చెమ్మెక్కిన గింజైతే ఆ శబ్దం మందగిస్తుంది, రబ్బరు నములుతున్నట్టుంటుంది. రెండు గింజలు పంటి కింద వేసుకుని చూడండి. టక్కున పగిలితే బాగున్నట్టు, కాస్త సాగి నలిగితే చెమ్మ పట్టినట్టు. అలాంటి గింజకి ఏ సెట్టింగూ కుదరదు. ఒక రోజు త్వరగా దిగుతుంది, మర్నాడు ఆలస్యంగా దిగుతుంది, ఎందుకంటే డబ్బా పైన ఉన్న గింజలూ అడుగున ఉన్నవీ ఒకేలా పగలవు. దాని వెంట పడి రోజుకో క్లిక్ తిప్పుతూ పోతే చివరికి మీ అసలు సెట్టింగ్ ఎక్కడుందో మర్చిపోతారు.

పొడిలోకి ఎక్కితే కథ వేరే, వానాకాలంలో ఎక్కువగా జరిగేదీ ఇదే. పొడి అయ్యాక గాలికి తగిలే చోటు చాలా రెట్లు పెరుగుతుంది కాబట్టి, గింజకి రోజులు పట్టే పని పొడికి గంటల్లో అయిపోతుంది. దానికి తోడు చికోరీ. కాఫీ కన్నా చికోరీ చాలా ఆబగా తేమ పీలుస్తుంది. పీల్చాక బెల్లం పొడిలా జిగురెక్కి ఉండకడుతుంది. ఆ ఉండలున్న పొడిని ఫిల్టర్‌లో వేసి వేడినీళ్ళు పోస్తే, ఉండ చుట్టూ బంకలాంటి పొర ఏర్పడి రంధ్రాల మీద కూర్చుంటుంది. నీళ్ళు పైన అలాగే నిలబడతాయి. మనం "మరీ మెత్తగా ఆడించానేమో" అనుకుని బరక చేస్తాం. అప్పుడు డికాషన్ దిగుతుంది, కానీ పల్చగా, చప్పగా. ఉండల లోపలి పొడి సరిగ్గా తడవనే తడవదు, చుట్టూ ఉన్న బరక పొడి గుండా నీళ్ళు జారిపోతాయి.

పోయిన ఏడాది వానల్లో పటమట నుంచి ఒకాయన షాపుకి వచ్చారు. మీ కేసుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి వివరంగా చెబుతాను. ఇంట్లో ముగ్గురు, రోజుకి 24 గ్రాముల గింజ, 6 గ్రాముల చికోరీ, మొత్తం 30 గ్రాముల పొడికి 180 మిల్లీలీటర్ల నీళ్ళు. ఎండాకాలం ముందు వరకు పదిహేడు, పద్దెనిమిది నిమిషాల్లో దిగేదట. ఆగస్టులో నలభై నిమిషాలు. ఆయన నాలుగు క్లిక్కులు బరక చేశారు. సమయం ఇరవైకి వచ్చింది గానీ ఇంట్లో ఆవిడ "ఇది కాఫీయా, కాఫీ కడిగిన నీళ్ళా" అన్నారట.

నేను సెట్టింగ్ గురించి అడగలేదు. డబ్బా ఎక్కడ పెడతారని అడిగాను. మూత వదులుగా ఉండే స్టీల్ డబ్బా, ఫ్రిజ్ డోర్‌లో. రోజూ ఉదయం ఆరింటికి తీసి, గింజలు తూచుకుని, రెండు నిమిషాల తరవాత మళ్ళీ లోపల పెడతారు. చికోరీ మాత్రం ఆదివారం నాడే వారానికి సరిపడా గింజల పొడితో కలిపి ఇంకో డబ్బాలో. మరి రోజూ తూచేది దేనికండీ అంటే, ఆదివారం పొడి వారమంతా చాలదని రోజూ కొంత ఆడించి అందులో కలపడానికట.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, బోరు కొట్టినా చూడండి. వంటింట్లో 32 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉందనుకుందాం. ఆ గాలిలోని నీరు 27 డిగ్రీల దగ్గరే మంచులా కారడం మొదలుపెడుతుంది. అంటే 27 కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు ఆ వంటింట్లోకి వచ్చినా దాని మీద నీటి పొర పడుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బా 5 డిగ్రీల దగ్గరుంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసు చెమర్చినట్టే డబ్బా లోపలి గింజలూ చెమరుస్తాయి, మనకి కనపడదంతే. మూత తీసిన ప్రతిసారీ వెచ్చటి చెమ్మ గాలి లోపలికి వెళ్తుంది, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టగానే ఆ తేమ గింజల మీద దిగుతుంది. నెలకి ముప్పై సార్లు. ఇంకో సంగతి, ఈ లెక్క ప్రకారం ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర పెట్టిన డబ్బాని వంటింట్లోకి తెచ్చి వెంటనే తెరిచినా ఇదే జరుగుతుంది, కాస్త తక్కువగా. "ఏసీ బెడ్‌రూమ్‌లో దాచాను, ఇంకేం కావాలి" అనేవాళ్ళు ఇది గమనించరు.

ఆయనకి చెప్పింది మూడే పనులు. కొత్తగా కొన్న గింజల్ని వారానికొకటి లెక్కన నాలుగు సీసాల్లో, ఒక్కో దాంట్లో 170 గ్రాముల చొప్పున పోయమన్నాను. మూతకి రబ్బరు రింగు ఉండి క్లిప్పుతో బిగిసే గాజు సీసాలు. సీసా మెడ దాకా నిండాలి. సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీ అంతా చెమ్మ గాలే. వాడే సీసా బయటే, మూడు సీసాలు డీప్ ఫ్రీజర్‌లో. శనివారం రాత్రి ఒకటి తీసి మూత తెరవకుండా పక్కన పెట్టాలి, ఆదివారం ఉదయం పైన పట్టిన చెమ్మ తుడిచాకే తెరవాలి. ఒకసారి తెరిచింది మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. రెండో పని, పొడి ఏ పూటకి ఆ పూట ఆడించుకోవడం. మూడోది, చికోరీ విడిగా చిన్న సీసాలో పెట్టుకుని, ఫిల్టర్‌లో వేసే ముందు తడి లేని చెంచాతో కలపడం. తడి చెంచా అనే ఒక్క తప్పుతో సీసా చికోరీ అంతా మూడు రోజుల్లో రాయి అవుతుంది.

గ్రైండర్‌ని పాత సెట్టింగ్‌కి తెచ్చి మొదలుపెట్టమన్నాను. ఇరవై మూడు నిమిషాలు పట్టిందని ఫోన్ చేశారు. ఒక క్లిక్ బరక చేస్తే పద్దెనిమిదికి వచ్చింది. నాలుగు క్లిక్కుల సమస్యలో గ్రైండర్ వాటా ఒకటే.

మీరు కూడా క్లిక్ ముట్టుకునే ముందు ఫిల్టర్ పై గిన్నెని ఖాళీగా లైటు వైపు పెట్టి చూడండి. రంధ్రాలన్నీ చుక్కల్లా మెరవాలి. పాత డికాషన్ జిడ్డు, చికోరీ బంక కలిసి పావు వంతు రంధ్రాలు మూసుకుపోయి ఉండటం నేను చాలా ఇళ్ళలో చూశాను. వానల్లో కడిగిన ఫిల్టర్ ఆరదు, తడి గిన్నెలో పొడి వేస్తే అడుగు పొర ముందే బంక అవుతుంది. స్టీల్‌దైతే, ప్లాస్టిక్ పిడి లేకపోతే, గ్యాస్ మంట మీద ఒక నిమిషం తిప్పి చల్లారాక బ్రష్‌తో రుద్దండి. సూదితో పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే ఇక ఏ సెట్టింగూ పనిచేయదు.

తరవాత గడియారం. ఒకే బరువు పొడి, ఒకే కొలత నీళ్ళు, నీళ్ళు మరిగాక స్టవ్ ఆపి అర నిమిషం ఆగి పోయడం, పై చక్రంతో గట్టిగా అదమకుండా ఊరికే ఆనించడం. ఇలా మూడు రోజులు వరసగా చేసి, ఎన్ని నిమిషాల్లో దిగిందో క్యాలెండర్ మీద రాసుకోండి. నా దగ్గర 30 గ్రాములకి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు సరైన లెక్క. మీ ఫిల్టర్ రంధ్రాలు వేరైతే మీ అంకె వేరుగా ఉంటుంది. దాన్ని కొత్త ప్యాకెట్ తెరిచిన మొదటి రోజే పట్టుకోవాలి. మూడు రోజులూ ఒకేలా ఆలస్యమైతే ఒక క్లిక్ బరక. ఒక రోజు పన్నెండు, ఒక రోజు ముప్పై అంటే క్లిక్ ముట్టుకోకండి, గింజకి చెమ్మ పట్టింది. ఇంకో చిన్న పరీక్ష: 30 గ్రాముల పొడి దాదాపు 60 మిల్లీలీటర్ల నీళ్ళు తనలోనే ఉంచుకుంటుంది, చికోరీ ఉంటే ఇంకాస్త. 180 పోస్తే కింద 110, 120 రావాలి. 90 దగ్గరే ఆగిపోయి పైన బురదలా ఉంటే దారి మూసుకుపోయిందన్నమాట.

ఇక మీ మే నెల నీళ్ళ డికాషన్. ఇక్కడ కారణం దాదాపు పూర్తిగా వేడి, అది రెండు రకాలుగా పనిచేస్తుంది.

మొదటిది గింజ వయసు. వేపిన గింజలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. తాజా పొడి మీద వేడినీళ్ళు పోస్తే నురగలా పొంగేది దానివల్లే, ఆ పొంగే నీళ్ళని కాసేపు ఆపుతుంది. వేడికి ఆ గాలి త్వరగా బయటికి పోతుంది, గింజలోని నూనె త్వరగా పాడవుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం ఉజ్జాయింపుగా రెండింతలవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. జనవరిలో నాలుగు వారాలు బాగుండే గింజ, రోహిణి కార్తెలో మన వంటిళ్ళలో రెండు వారాలు నిలబడితే గొప్ప. పొంగు రాని పొడి గుండా నీళ్ళు అడ్డు లేకుండా జారిపోతాయి. నల్లగా వేపిన గింజ ఇష్టపడేవాళ్ళకి ఇంకో తిప్పలు, ఆ వేడికి నూనె గింజ పైకి తేలి మెరుస్తుంది, గ్రైండర్ లోపల అంటుకుని ముక్కిన వాసన మొదలవుతుంది. దానికి గ్రైండర్ విప్పి పొడి బ్రష్‌తో దులపాలి. చాలామంది బియ్యం వేసి తిప్పమంటారు, చేతి గ్రైండర్ల పళ్ళకి అది మంచిది కాదు.

రెండోది ఆడించే సమయంలో గింజ వేడి. చల్లటి గింజ పెళుసుగా పగిలి సన్నటి, ఒకే తీరు పొడి ఇస్తుంది. వెచ్చటి గింజ అదే సెట్టింగ్‌లో కాస్త బరకగా వస్తుంది. 2016లో ప్రయోగశాలలో గింజల్ని వేర్వేరు చల్లదనాల్లో ఆడించి దీన్ని కొలిచి చూశారు. చేతితో తిప్పేవాళ్ళకి తేడా తక్కువే, అందుకే ఎండల్లో ఒక క్లిక్ మెత్తగా చాలు. లేదా క్లిక్ మార్చకుండా తెల్లారి అయిదారింటికి, ఇల్లు కాస్త చల్లబడ్డప్పుడు ఆడించుకోండి. మా అమ్మ చేసేది అదే, కారణం తెలియకపోయినా.

మే నెలకి నా సలహా గ్రైండర్ కన్నా సంచి గురించే. అరకిలో కొనకండి, రెండు వారాలకి సరిపడా కొనండి. ప్యాకెట్ మీద వేపిన తేదీ అడగండి. మధ్యాహ్నం కొని స్కూటర్ డిక్కీలో పెట్టి ఊరంతా తిరక్కండి, 44 డిగ్రీల ఎండలో ఆ డిక్కీ లోపల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఆడించిన పొడి కొనేవాళ్ళైతే ప్యాకెట్ చేతిలో పట్టుకుని చూడండి. మరలోంచి వచ్చిన పొడి వెచ్చగా ఉంటుంది, చల్లారకుండా కవర్లో సీలు వేస్తే లోపలే ఉక్కబోసి ఉండకడుతుంది. మొదటి రెండేళ్ళు రద్దీ రోజుల్లో నేనూ అలాగే కట్టిచ్చాను, తిట్లు తిన్నాను. ఇప్పుడు పళ్ళెంలో పరిచి అయిదు నిమిషాలు చల్లార్చాకే ప్యాకెట్ కడతాం.

ఇంట్లో ఎక్కడ పెట్టాలంటే, గ్యాస్ పొయ్యి పైన అల్మరా వద్దు, ఫ్రిజ్ నెత్తిన వద్దు, అది ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. లోపలి గదిలో నేలకి దగ్గరగా ఉండే చీకటి అర మంచిది. చల్లగా ఉంటుందని కుండ పక్కన పెట్టేవాళ్ళున్నారు, చల్లదనంతో పాటు చెమ్మా వస్తుంది. అన్నట్టు, మీ ఇంట్లో నీళ్ళు పోసే ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి వచ్చే గదిలో గింజలు అసలు పెట్టకండి. బయట మే నెల, కూలర్ ముందు ఆగస్టు. ఎండాకాలంలో పొడి ఉండకట్టిందని వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది కూలర్ గురించే.

వీటిలో దేనికీ లొంగని గింజ కూడా ఉంటుంది. ముక్కిన వాసన, తడి గోనెసంచి వాసన వస్తే ఎండలో పెట్టి బాగుచేద్దామనుకోకండి. తేమ పోతుంది, వాసన పోదు, ఉన్న కాస్త కాఫీ వాసనా ఎండకే పోతుంది. పెనం మీద మళ్ళీ వేడిచేసినా అంతే. ఆ గింజ మొక్కల మట్టిలోకే.

ఎస్ప్రెస్సో మిషన్ వాడేవాళ్ళు ఈ సమాధానంలోని క్లిక్కుల లెక్క పట్టుకోవద్దు. అక్కడ ఒత్తిడితో పాతిక ముప్పై సెకన్లలో పని అయిపోతుంది, పొద్దున సెట్ చేసింది మధ్యాహ్నానికి మారిపోతుంది, రోజుకి రెండుమూడు సార్లు సరిచూసుకోవాలి. నిల్వ గురించి చెప్పింది మాత్రం వాళ్ళకీ అంతే.

మీరు ఈ ఆదివారం ఫ్రిజ్ డబ్బా పక్కన పెట్టి, కొత్తగా వేపిన పావుకిలో తెచ్చుకుని, ఏప్రిల్‌లో వాడిన సెట్టింగ్‌తో మూడు రోజులు వేయండి. ప్యాకెట్ మీది తేదీ, మూడు రోజుల నిమిషాలు ఇక్కడ రాస్తే ఇంకో క్లిక్ అవసరమో కాదో చెబుతాను.